శుక్రవారం సాయంత్రం దాకా

మా అన్నయ్య కొడుక్కి సోమవారం ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. బుధవారంలోగా ఒప్పుకోవాలట. వాడి మనసేమో ఇంకో కంపెనీ మీద ఉంది. అక్కడ టెక్నికల్ రౌండ్లు అయిపోయాయి, మేనేజర్‌తో మాట్లాడటం ఒక్కటే మిగిలింది.

"ఇంట్లోవాళ్ళని అడిగి చెప్తానని అంటాను బాబాయ్" అన్నాడు.

హెచ్ఆర్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి, నవ్వొచ్చింది. ఆ మాట వినగానే మేం వేరే ఆఫర్ ఏదో ఉందని రాసుకునేవాళ్ళం. ఇప్పుడున్న ఉద్యోగంలో వీడి నోటీస్ పీరియడ్ 90 రోజులు. మూడు నెలలు ఆగడానికి సిద్ధపడ్డ కంపెనీకి ఇంకో రెండు రోజులు బరువు కాదు. దాని భయం వేరు: ఈ లెటర్ చూపించి ఇంకోచోట బేరమాడి, తీరా చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తకపోతే ఆ ఖాళీకి మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. అందుకే "కొంచెం టైమ్ కావాలి" అంటే కంగారు పడతారు. తేదీ చెబితే కుదుటపడతారు.

ముందు ఫోన్ చేయించాను. తర్వాత అదే మాట మెయిల్‌లో పెట్టించాను: "ఆఫర్‌కు కృతజ్ఞతలు. మరో కంపెనీలో నా చివరి రౌండ్ ఈ వారమే ఉంది. శుక్రవారం సాయంత్రం 5 గంటలకల్లా అవుననో కాదనో చెప్తాను." ఆ కంపెనీ పేరు, జీతం రాయనివ్వలేదు. అడిగినా చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోని వాళ్ళూ ఉంటారు, అప్పుడు చేతిలో ఉన్న గడువులోనే తేల్చుకోవాలి. కాలేజీ ప్లేస్‌మెంట్లలోనైతే ఇలా అడగడం కుదరడం కష్టం. ఒక ఆఫర్ వచ్చాక మిగతావాటికి కూర్చోనివ్వని కాలేజీలు చాలా ఉన్నాయి.

అసలు పని రెండో కంపెనీతో. చాలామంది దానికి ఫోన్ చేయడానికి మొహమాటపడతారు. గడువు పెంచమని మొదటివాళ్ళని ఎంత బతిమాలినా, ఇంటర్వ్యూ ముందుకు జరపగలిగేది రెండోవాళ్ళే. మావాడు అక్కడి రిక్రూటర్‌కి ఉన్నమాట చెప్పాడు: చేతిలో ఆఫర్ ఉంది, శుక్రవారం సాయంత్రానికి జవాబివ్వాలి. వచ్చే వారం అనుకున్న రౌండ్ గురువారానికి జరిగింది. లేని ఆఫర్ ఉందని చెప్పుంటే చిక్కే, కాపీ పంపమని అడగడం మామూలే.

రౌండ్ బాగానే అయింది. "సెలెక్ట్ అయినట్టే, లెటర్‌కి అప్రూవల్స్ రావాలి, వారం పది రోజులు పడుతుంది" అన్నాడు రిక్రూటర్. ఇక్కడే మావాడు ఊగాడు. మొదటివాళ్ళని ఇంకో వారం అడుగుదామన్నాడు. నేను వద్దన్నాను. జీతం అంకె రాసి ఉన్న లెటర్ వచ్చేదాకా అది ఆఫర్ కాదు. ఆ అప్రూవల్ దగ్గరే ఖాళీ రద్దయిపోవడం నేను చూశాను.

శుక్రవారం సాయంత్రం మొదటి కంపెనీకి అవునని రాశాడు, రెండోదానికి తప్పుకుంటున్నానని రాశాడు. సంతకాలైన లెటర్ చేతికొచ్చాకే పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టాడు.