మూడో రోజు పసుపు

పోయిన నెలంతా ఇక్కడేమీ రాయలేదేమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంట్లో పురుడు మరి! మా అక్క కూతురు పురిటికి మా ఇంటికే వచ్చింది. వాళ్ళ ఊరి నుంచి ఆస్పత్రి దూరం, మాకైతే ఆటోలో పది నిమిషాలు. తోడుగా అక్క, అమ్మ కూడా దిగారు. అమ్మ తన పెట్టెలోంచి మెత్తటి పాత పంచెలు, మా పిల్లల చిన్నప్పటి చొక్కాలు మూట కట్టుకొచ్చింది. మూట విప్పితే గదంతా కలరా ఉండల వాసన.

సోమవారం పొద్దున పది గంటలకు ఆడపిల్ల పుట్టింది. 37 వారాలు నిండిన పిల్ల, 2.7 కిలోలు. బుధవారం ఇంటికి పంపేముందు నర్సు పిల్ల నుదుటి మీద చిన్న మీటరేదో ఆనించి చూసి, "11.4 ఉంది, రేపు పొద్దున్నే మళ్ళీ తీసుకురండి" అంది. తలూపి వచ్చేశాం. గురువారం పొద్దున చూస్తే పిల్ల ముఖమంతా పసుపు రాసినట్టుంది. అమ్మ మాత్రం ఏమీ కంగారు పడలేదు. "మీ అందరికీ వచ్చాయే కామెర్లు. నాలుగు రోజులు పొద్దుటెండలో పెడితే అవే పోతాయి" అని వరండాలో చాప వేసుకుని కూర్చుంది. అక్కకూ అదే బాగుందనిపించింది. నాకూ, ఒప్పుకోవాలి కదా, అలాగే అనిపించింది. బాలింతను మళ్ళీ ఆటో ఎక్కించడం ఎందుకులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి అనుమానం వచ్చింది మాత్రం పసుపు వల్ల కాదు. పొద్దుట్నుంచి పిల్ల ఒక్కసారే ఉచ్చ పోసింది. దొడ్డికి ఇంకా తారులా నల్లగానే వెళ్తోంది. రొమ్ము నోట పెడితే రెండు గుక్కలు తాగి నిద్రపోతోంది. "పిన్నీ, దీన్ని లేపలేకపోతున్నాను" అంది పిల్లతల్లి. అప్పుడు బయల్దేరాం.

రక్తం తీసి చూస్తే బిలిరుబిన్ డెసీలీటరుకు 17.4 మిల్లీగ్రాములు. బరువు 2.43 కిలోలు, అంటే మూడు రోజుల్లో పదో వంతు కరిగిపోయింది. డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఒక కాగితం తీసి అందులోని వంపు గీతల మీద వేలు పెట్టింది. కింద పిల్ల వయసు రోజుల్లో కాదు, గంటల్లో ఉంది. "ఇదే 17 ఐదో రోజున, నెలలు బాగా నిండిన పిల్లకుంటే నేనింత తొందరపడను. ఈ పిల్లకి 76 గంటలు, పుట్టింది 37 వారాలకి. పైగా ముప్పై గంటల్లో ఆరు పెరిగింది. ఆ వేగమే నాకు నచ్చలేదు" అంది.

అసలింత పసుపు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఓపిగ్గా చెప్పింది. మోకాలికి దెబ్బ తగిలితే మొదట నల్లగా కమిలి, తర్వాత ఆకుపచ్చగా, చివరికి పసుపుగా మారుతుంది కదా, అదే రంగట ఇది. ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు వచ్చే చెత్త. కడుపులో ఉండగా ఆక్సిజన్ సరిపోవడానికి బిడ్డకు ఎర్రకణాలు మనకన్నా ఎక్కువే ఉంటాయి, కానీ వాటి ఆయుష్షు తక్కువ. అందుకని చెత్త ఎక్కువ తయారవుతుంది. తొమ్మిది నెలలూ దాన్ని మావి ద్వారా తల్లే ఊడ్చిపెట్టింది. బొడ్డు కోసిన క్షణం నుంచి ఆ పని పిల్ల కాలేయానిది, దానికేమో ఇంకా చేతులు తిరగలేదు.

బిలిరుబిన్ నూనె జిడ్డులాంటిది, నీళ్ళకు లొంగదు. కాలేయం దానికి ఒక రకం చక్కెర ఆమ్లాన్ని తగిలించి నీళ్ళలో కరిగేలా చేస్తేనే పిత్తంతో కలిసి పేగుల్లోకి పోతుంది. అక్కడితోనూ అయిపోదు. పిల్ల పాలు తాగి గబగబా దొడ్డికి వెళ్ళకపోతే, పేగులో నిలవున్న ఆ చెత్త మళ్ళీ రక్తంలోకి ఎక్కేస్తుంది. మా పిల్లకి మూడో రోజుకీ నల్లటి దొడ్డే వస్తోందంటే ఇంటి చెత్త గుమ్మం దాటలేదన్నమాట. నెలలు నిండిన పిల్లల్లో సగానికి పైగా ఈ పసుపు కనిపించి, మూడు నుంచి ఐదో రోజుకి పెరిగి, రెండు వారాల్లోపు దానంతటదే దిగిపోతుంది. అమ్మ చెప్పింది వీళ్ళ సంగతే. అది అబద్ధం కాదు.

మా పిల్లకి ఇంకో తోడు చేరింది. తల్లిది ఓ పాజిటివ్, పిల్లది ఎ పాజిటివ్. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు కొన్ని పిల్లలోకి వెళ్ళి ఎర్రకణాలను విరగ్గొడుతున్నాయని కూంబ్స్ పరీక్షలో తేలింది. దానికి తోడు డాక్టరమ్మ ఒక విచిత్రమైన ప్రశ్న వేసింది: "కలరా ఉండలు వేసిన బట్టలేమైనా తొడిగారా?" అక్కా నేనూ ముఖాలు చూసుకున్నాం. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుందట. అలాంటి పిల్లలకు ఆ ఉండల ఆవిరి తగిలితే చాలు, ఎర్రకణాలు కుప్పలుగా విరిగి కామెర్లు ఒక్కసారి ఎగబాకుతాయి. మా పిల్లకి పరీక్షలో ఆ లోపం లేదని వచ్చింది, బతికాం. ఆ మూట మాత్రం ఆ రాత్రే ఇంట్లోంచి బయటికి పోయింది.

అమ్మ అప్పటిదాకా ఒక మూల ముభావంగా కూర్చుంది. "ఎంతకి దాటితే ప్రమాదం?" అని అక్క అడిగితే, డాక్టరమ్మ "ఈ పిల్లకి 20 దగ్గరికి వస్తోందంటే రక్తం మార్చడానికి సిద్ధం కావాలి. బాగా పెరిగితే అది మెదడులోకి దిగుతుంది. పిల్ల మొదట మెత్తబడిపోయి పాలు తాగదు. తర్వాత సన్నగా కీచుమని ఏడుస్తుంది, ఒళ్ళు విల్లులా వెనక్కి వంచేస్తుంది. అక్కడి దాకా వస్తే జరిగిన నష్టం మొత్తం వెనక్కి రాకపోవచ్చు" అంది.

"విల్లులా" అన్న మాటకి అమ్మ తలెత్తింది.

మా మేనత్త కొడుకు ఉన్నాడు, నాకు బావ వరస, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇంట్లోనే పుట్టాడు. రెండో రోజుకే ముద్ద పసుపులా ఉన్నాడట. ఐదో రోజున పాలు మానేసి, విల్లులా వంగిపోయి, పిట్ట అరిచినట్టు ఏడ్చాడట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. బతికాడు. కానీ వినపడదు. చేతులూ కాళ్ళూ వాటి ఇష్టమొచ్చినట్టు మెలికలు తిరుగుతాయి. బుర్ర మాత్రం చురుకు, మనం చెప్పబోయే జోకు పెదాల కదలికలోనే పట్టేసి ముందే నవ్వుతాడు. అమ్మ ఇదంతా మెల్లగా చెప్పింది. డాక్టరమ్మ విని, "అదే అయ్యుండొచ్చమ్మా. వినికిడి నరం, ఒంటి కదలికలను అదుపు చేసే మెదడు భాగం, ముందు దెబ్బతినేవి అవే" అంది. నలభై ఎనిమిదేళ్ళ గాలి ఆ గదిలో పేరు మార్చుకుంది. అమ్మ మళ్ళీ ఎండ మాటెత్తలేదు.

పిల్లను డైపరు తప్ప బట్టలన్నీ విప్పి, కళ్ళకు గంతలు కట్టి, పైనా కిందా నీలం లైట్లున్న తొట్టెలో పడుకోబెట్టారు. అక్క ఏడ్చేసింది. ఆ లైటులో వేడి లేదు, ఒళ్ళు కాల్చే అతినీలలోహిత కిరణాలూ లేవు. పనంతా ఆ నీలం రంగుదే. బిలిరుబిన్ అణువు గుప్పిట మూసినట్టు ముడుచుకుని ఉంటుందట, నీళ్ళతో కలిసే కొసలు లోపల దాచుకుని. నీలం వెలుగు చర్మంలోకి దిగి ఆ గుప్పిటను మెలి తిప్పి తెరిపిస్తుంది. తెరుచుకున్న అణువు కాలేయం సాయం లేకుండానే పిత్తంతో, ఉచ్చతో బయటికి పోతుంది. అందుకే ఒంటి మీద ఎంత మేర వెలుగు పడితే అంత పని జరుగుతుంది. చలి వేస్తుందేమోనని మనం దుప్పటి కప్పామా, కప్పిన మేర వైద్యం ఆగినట్టే.

ఈ వైద్యం ఎండలోంచే పుట్టిందని తెలిసి అమ్మ కాస్త తేరుకుంది. 1956లో ఇంగ్లండులో రాచ్‌ఫర్డ్ అనే ఊరి ఆస్పత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లల్ని పెరట్లో ఎండకు తిప్పేదట. ఒక పిల్ల ఒళ్ళంతా తేటపడి, దుప్పటి కొస కప్పిన చోట మాత్రం పసుపు అలాగే ఉండిపోవడం ఆమె కంటబడింది. తర్వాత అక్కడే కిటికీ దగ్గర ఎండలో మర్చిపోయిన రక్తపు గొట్టంలోనూ బిలిరుబిన్ తగ్గిపోయి కనిపించింది. దాన్ని పట్టుకుని క్రెమర్, ఆయన తోటి వైద్యులు దీపాల తొట్టె కట్టి, 1958లో ఆ వివరాలు అచ్చు వేశారు. "మరి నేను చెప్పిందీ అదేగా" అంది అమ్మ. అదే, కాకపోతే ఎండకు కొలత లేదు. బట్టలతో పడుకోబెడితే చాలదు. బట్టలు విప్పితే చలి కొడుతుంది, లేదా లేత చర్మం కమిలిపోతుంది. మనం వరండాలో కూర్చున్న గంటల్లో అంకె పెరుగుతూనే ఉంటుంది.

మూడు గంటలకోసారి పాలకు బయటికి తీసేవారు. రొమ్ము పట్టడం నేర్పించి, చాలని పాలు పిండి చెంచాతో పట్టించారు. గ్లూకోజు నీళ్ళు, తేనె ఏవీ వద్దన్నారు. నీళ్ళతో పొట్ట నిండితే పాలు తాగదు, పాలు తాగకపోతే దొడ్డి కదలదు. ఆరు గంటలకి 16.1. మర్నాడు పొద్దున 13. దొడ్డి పల్చగా ఆకుపచ్చగా వెళ్తుంటే కంగారు పడ్డాం, లైటు కింద మామూలేనన్నారు. ఇంకో సంగతి, లైటు కింద ఉన్న పిల్ల తెల్లబడిందని చూసి మురిసిపోకూడదట. వెలుగు పడ్డ చర్మం ముందు తేటపడుతుంది, రక్తంలో ఇంకా ఉంటుంది, కాబట్టి రక్తపు అంకెనే నమ్మాలి. శనివారానికి 10.2 వచ్చాక లైటు తీసేసి, ఒక రోజు ఆగి మళ్ళీ చూశారు. 11.1. లైటు తీశాక కాస్త ఎక్కడం ఉంటుందట. వినికిడి పరీక్ష కూడా చేసి, బాగుందన్నాకే ఇంటికి పంపారు.

పంపేటప్పుడు డాక్టరమ్మ అమ్మనే పిలిచి చెప్పింది. మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపిస్తే ఎప్పుడూ ఆగకూడదు. అరికాళ్ళ దాకా దిగినా, పిల్ల పాలకు లేవకపోయినా అంతే. పధ్నాలుగు రోజులు దాటినా పోకపోతే మళ్ళీ రక్తం చూడాలి. చాలాసార్లు అది తల్లిపాల వల్ల వచ్చే మామూలు పసుపే, పాలు మానక్కర్లేదు. కానీ దొడ్డి సున్నంలా పాలిపోయి, ఉచ్చ గుడ్డకు పసుపు మరక అంటిందంటే, పిత్తం గొట్టాలు మూసుకున్నాయేమో చూడాలి. అది లైటుకు లొంగే జబ్బు కాదు. ఆపరేషనే, అదీ రెండు నెలల్లోపు జరిగితేనే ఎక్కువ ఫలితం.

అమ్మ ఆ మాట పట్టుకుంది. పిల్లకిప్పుడు పద్దెనిమిదో రోజు. పద్నాలుగో రోజుకే పసుపు పూర్తిగా పోయింది. అయినా ప్రతి గుడ్డనూ కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, వంటింట్లో ఉన్న నాకు వినపడేలా ప్రకటిస్తుంది: "ఆవపొడి రంగేనే!" మా ఆయన అదే సమయానికి ఇడ్లీ ముందు కూర్చుంటారు పాపం.