సఫర్‌లో పరహేజ్

ఇంట్లో పరహేజ్ చేయడం పెద్ద పని కాదు. దస్తర్‌ఖాన్ మీదకి ఏది రావాలో అమ్మీ చేతిలో ఉంటుంది. ఖుష్కా ఒక చిన్న గిన్నెడు, సలాన్‌లో ముక్కలు ఎక్కువ, పక్కన కీరా తరుగు. మా అబ్బాజాన్ ఇంకో గరిటె అడిగినా ఆమె వినపడనట్టు వంటింట్లోకి పోతుంది. అసలు ఇమ్తెహాన్ రైలెక్కిన తర్వాతే మొదలవుతుంది. అక్కడ వంట మనది కాదు, వేళ మనది కాదు, హలాల్ అవునో కాదో తెలియని చికెన్‌ను అబ్బా ముట్టరు. ఇక మిగిలేది అన్నం, చపాతీ, ఆలూ. షుగర్ మనిషికి ఏవి తక్కువ పెట్టాలో సరిగ్గా అవే.

అబ్బాకు షుగర్ బీమారీ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మార్కాపురంలో చూసే డాక్టర్ సాబ్ ఒక చీటీ మీద నాలుగు లెక్కలు రాసిచ్చారు. పరగడుపున 80 నుంచి 130 మధ్య ఉండాలి. తిన్న రెండు గంటలకు 180 దాటకూడదు. పూటకు పిండిపదార్థం 60 గ్రాములకు మించకూడదు, మాంసకృత్తులు 20 గ్రాములకు తగ్గకూడదు. ఇవి మా అబ్బా వయసుకు, ఆయన వాడే దవాకు రాసినవి. మీ ఇంట్లో వాళ్ళకు వేరే ఉండొచ్చు, అడిగి రాయించుకోండి. ఆ చీటీ మా ఫ్రిజ్ తలుపు మీదుండేది. కల్‌కత్తా ప్రయాణం కుదిరినప్పుడు దాన్ని తీసి నా పర్సులో పెట్టుకున్నాను.

మా ఖాలూ ఒకప్పుడు మార్కాపురం పలకల వ్యాపారం మీద కల్‌కత్తా పోయి అక్కడే ఉండిపోయారు. వాళ్ళబ్బాయి నికా. మార్కాపురం రోడ్‌లో రాత్రి బండెక్కి, విజయవాడలో మారి, మళ్ళీ ఓ పగలంతా రైల్లోనే. తర్వాత మూడు రోజులు హోటల్ రూములో మకాం.

ఈ సఫర్‌లో నాకున్న భయం షుగర్ పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి. అబ్బా పొద్దున వేసుకునే గోలీ గ్లిమెపిరైడ్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునే వాళ్ళకు తిండి కాస్త ఆలస్యమైనా మామూలుగా షుగర్ ప్రమాదంగా పడిపోదు. గ్లిమెపిరైడ్ అట్లా కాదు. అది లోపలికి పోయిందంటే క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. ఇన్సులిన్ వేసుకునే వాళ్ళదీ ఇదే కష్టం.

అంతకు ముందు సంవత్సరం అబ్బా నంద్యాల పోవడానికి ఫజర్ కాగానే అలవాటు ప్రకారం గోలీ మింగేశారు. నాష్తా నంద్యాలలో చేద్దామని గిద్దలూరులో బస్సెక్కారు, నేనూ వెంటే ఉన్నాను. నల్లమల ఘాట్‌లో ఏదో లారీ అడ్డం పడి దారి మూసుకుపోయింది. పచ్చర్ల దగ్గర అడవిలో రెండు గంటలు. ఫోనుకు సిగ్నల్ లేదు, టీ బంకు లేదు. అబ్బా చొక్కా తడిసిపోయింది, చేతులు వణికాయి, తర్వాత నన్ను మా చిన్నాన్న పేరుతో పిలవడం మొదలుపెట్టారు. మనిషి మాట తప్పుతున్నాడంటే మెదడుకు చక్కెర అందడం లేదని అర్థం. వెనక సీట్లో ఒక అమ్మ బిడ్డ కోసం తెచ్చుకున్న గ్లూకోజు పొడి పొట్లం చించి నీళ్ళలో కలిపి ఇచ్చింది. పావుగంటకు నా పేరు గుర్తొచ్చింది ఆయనకు. ఆమె ఊరు కూడా అడగలేదు మేము, అల్లా ఆమె బిడ్డల్ని చల్లగా చూడాలి.

అందుకే కల్‌కత్తా బండిలో గోలీల డబ్బీ అబ్బా జేబులో కాదు, నా జేబులో ఉంది. షరతు ఒక్కటే. ప్లేటు ఎదుటికి వచ్చి, మూత తీసి, చేతిలో ముక్క పట్టుకున్నాకే గ్లిమెపిరైడ్. "వస్తోంది, అయిదు నిమిషాలు" అనే మాట మీద కాదు. పూట అసలే తప్పిపోతే ఆ గోలీ కూడా మానేయమని డాక్టర్ సాబ్ ముందే చెప్పి ఉన్నారు. ఇది కూడా మీరు బయల్దేరే ముందే అడిగి పెట్టుకోవలసిన మాట. ఆ పొద్దున ఫజర్ చదువుకుని అబ్బా చెయ్యి చాచారు, నేను ఇవ్వలేదు. నాష్తా పావు తక్కువ తొమ్మిదికి వచ్చింది. అంతసేపూ ఆయన నాతో మాట్లాడలేదు, కిటికీతో మాట్లాడారు.

నా రెండో జేబులో గ్లూకోజు పొడి. మీటరు 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాలు, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. చాలామంది బిస్కెట్టో చాక్లెట్టో ఇస్తారు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది, ఆ నిమిషాల్లో అది పనికిరాదు. మనిషి మింగలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, టీటీఈకి చెప్పి తర్వాతి స్టేషన్‌లో డాక్టరును పిలిపించాలి.

ఇప్పుడు మధ్యాహ్నం ట్రే దగ్గరికి వద్దాం. రైల్లో అమ్మే మామూలు శాకాహార భోజనానికి రైల్వేవాళ్ళు కొలతలు పెట్టారు. అన్నం 150 గ్రాములు, చపాతీలో పరాఠాలో 100 గ్రాములు, పప్పు 150, కూర 100, కొంచెం పెరుగు, పచ్చడి పొట్లం. చీటీ తీసి లెక్క వేస్తే అన్నంలో పిండిపదార్థం 40 గ్రాముల పైన, నాలుగు చపాతీల్లో 50కి దగ్గర, పప్పులో 15 దాకా, కూరలో ఆలూ ఉంటే ఇంకో 10. మొత్తం 115 దాటుతుంది. అబ్బాకు రెండు పూటల కోటా ఒక్క ట్రేలో కూర్చుంది.

చాలామంది ఇక్కడ అన్నం సగం, చపాతీ సగం, అన్నీ సగం సగం తింటారు. అట్లా చేస్తే పప్పు కూడా సగమైపోతుంది, ట్రేలో మాంసకృత్తులు ఉన్నదే అందులో. మేము అన్నం మూత తీయలేదు. పప్పు మొత్తం, పెరుగు మొత్తం, కూరలో ఆలూ తీసేసి మిగతాది, రెండు చపాతీలు. పిండిపదార్థం 50 దగ్గర ఆగింది. మాంసకృత్తులు మాత్రం 15 గ్రాములే వచ్చాయి, రైలు పప్పు పల్చనగా ఉంటుంది కదా. ఆ లోటు కోసమే ఇంటి నుంచి తోషా.

తోషాలో ఏం పెట్టాలో అమ్మీకి నాకు ఒక రోజంతా బహస్ నడిచింది. ఆమె ఖీమా అంది. తడి ఉన్న ఖీమా వేసవి రైల్లో నాలుగు గంటలకే వాసన మారుతుంది. చివరికి బక్రీద్‌కు ఎండబెట్టిన సూఖా గోష్ తీసింది. వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఉప్పు కొంత పోతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి. తర్వాత దంచి, తడి పోయేదాకా పెనం మీద వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టింది. పిడికెడు ముక్కలతో మధ్యాహ్నం లోటు తీరిపోయింది. ఉడకబెట్టిన గుడ్లు కూడా పెట్టింది కానీ అవి ఎక్కిన వెంటనే తినేయాల్సినవి, మర్నాటికి దాచేవి కావు. రైల్లో గుడ్డు కూర భోజనం దొరికితే మనకు అదే మేలు. గుడ్డుకు హలాల్ షక్ లేదు, రెండు గుడ్లకు 12 గ్రాముల మాంసకృత్తులు.

సజ్జ రొట్టెలు కూడా కట్టింది. మన గిద్దలూరు, కంభం వైపు ఒక నమ్మకం ఉంది, సజ్జ రొట్టె ఎన్ని తిన్నా షుగర్ పెరగదని. అన్నం కంటే నిదానంగా పెంచుతుంది, అంతవరకు నిజం. కానీ మా అమ్మీ చేతి రొట్టె ఒకదానికి గుప్పెళ్ళ కొద్దీ పిండి పడుతుంది. తూచి చూస్తే 60 గ్రాములు, అందులో పిండిపదార్థం 40. రెండు తింటే కోటా దాటినట్టే. రాత్రికి ఒకటే ఇచ్చాను, మిగిలిన గోష్‌తో.

మీటరు గురించి ఒక మాట. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు చూస్తే 241 వచ్చింది. నాకు గుండె జారింది. తర్వాత చూస్తే అబ్బా వేళ్ళకు నారింజ రసం, పక్క సీటు పిల్లవాడికి ఒలిచి పెట్టారట. రైల్లో కూర్చుని శానిటైజర్‌తో తుడిస్తే ఆ తీపి పూర్తిగా పోదు. సబ్బుతో కడిగించి, తుడిచి, మళ్ళీ చూస్తే 164. అంకె తేడాగా అనిపిస్తే దవా గురించి ఆలోచించే ముందు వేలు కడగండి.

కల్‌కత్తాలో దిగాక ముష్కిల్ తలకిందులైంది. మా హోటల్ జకారియా స్ట్రీట్ దగ్గర, నాఖుదా మసీదు పక్క గల్లీలో. ఇప్పుడు హలాల్‌కు కొదవ లేదు, అడుగడుగునా బిర్యానీ. కానీ కల్‌కత్తా బిర్యానీలో అన్నం మధ్య పెద్ద ఆలుగడ్డ పెడతారు, అక్కడివాళ్ళకు అదే జాన్. అన్నం మీద ఆలూ అంటే లెక్క మీద లెక్క. అదే హోటళ్ళలో కబాబ్, చాప్ కూడా విడిగా అమ్ముతారు. ముందు కబాబ్, ఉల్లి, కీరా తిని, పది నిమిషాలాగి ఒక రొట్టె. మాంసం, కూర ముందు తిని పిండి చివర తింటే షుగర్ అంత ఎత్తుకు ఎగరదు. పొద్దున హోటల్ నాష్తా పూరీ ఆలూ. మేనేజరుతో మొదటిరోజే మాట్లాడి అబ్బాకు రెండు గుడ్ల ఆమ్లెట్, ఒక రొట్టె ముక్క, చక్కెర లేని చాయ్ అని మూడు రోజులకూ చెప్పేశాను. నికా రోజు మిఠాయి రెండు ముక్కలు తిన్నారు, ఆ పూట రొట్టె మానేశారు. అది ఆయన సొంత ఫైసలా.

గల్ఫ్‌లో పిల్లలున్న వాళ్ళు నన్ను అడిగేది విమానం సంగతి. టికెట్ బుక్ చేసేటప్పుడు ప్రత్యేక భోజనం అనే చోట MOML అంటే ముస్లిం భోజనం, DBML అంటే షుగర్ వాళ్ళది. మామూలుగా ఒక మనిషికి ఒకటే ఎంచుకోనిస్తారు. ఎమిరేట్స్, ఖతార్, సౌదియా విమానాల్లో వడ్డించే మాంసమంతా హలాలే, కాబట్టి అక్కడ MOML పెట్టుకుంటే ఏమీ కలిసిరాదు, DBML పెట్టుకోవాలి. వేరే విమానాల్లో అయితే MOML తీసుకుని అన్నం పక్కకు జరపడమే దారి. రెండింటిలో ఏదైనా కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఇన్సులిన్ ఉంటే సామానులో వేయకండి, కింద గదిలో గడ్డకడితే అది పాడైపోతుంది. డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి.

తిరుగు ప్రయాణంలో అబ్బా తనే అడిగారు, "డబ్బీ నీ దగ్గరే ఉందా బేటా?" అని. ఉందన్నాను. మార్కాపురం రోడ్‌లో దిగాక జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అమ్మీకి ఇచ్చేశారు.