సాయంత్రానికి కొండ పెరుగుతుందా?

నా వాచ్‌లో ఆల్టిమీటర్, బారోమీటర్ అని రెండు పేర్లున్నా లోపలుండే సెన్సర్ ఒక్కటే. అది కొలిచేది గాలి పీడనాన్నే. పీడనం తగ్గితే, మనం పైకెక్కామా లేక వాతావరణం మారిందా అన్నది దానికి తెలీదు. అందుకే ట్రెక్ మొదలెట్టే ముందు ఎత్తెంతో మనమే చెప్పాలి.

అరకు వైపు వెళ్తే అందుకు నాకిష్టమైన చోటు శిమిలిగుడ రైల్వేస్టేషన్. సముద్రమట్టం నుంచి ఎత్తు పసుపు బోర్డు మీదే ఉంటుంది, దాదాపు 996 మీటర్లు. వాచ్‌లో అదే కొట్టేస్తా. దిక్సూచిని మాత్రం అక్కడ సెట్ చేయను. పట్టాలూ పెట్టెలూ అంతా ఇనుమే కదా! కాస్త దూరం నడిచి, ఫోన్ బ్యాగులో పడేసి, వాచ్‌ని గాల్లో ఎనిమిది అంకెలా నెమ్మదిగా తిప్పుతా.

ఇక అసలు తమాషా. పొద్దున పదింటికి 996 పెట్టి, అక్కణ్నుంచి కదలకుండా కూర్చున్నా సాయంత్రం నాలుగింటికి వాచ్ 1020 దాటి చూపించొచ్చు. ఉష్ణమండలంలో గాలి పీడనం రోజూ పదింటి వేళ ఎక్కువగా, నాలుగింటి వేళ తక్కువగా ఉంటుంది మరి. తేడా 3 హెక్టోపాస్కల్స్ అనుకోండి. ఆ ఎత్తులో ఒక్కోదానికీ సుమారు 9 మీటర్లు, అంటే 27.

కాబట్టి మధ్యాహ్నం పీడనం పడగానే వానొస్తుందని హడావుడి పడక్కర్లేదు. టెంట్ వేశాక వాచ్‌ని బారోమీటర్ మోడ్‌లో పెట్టి, నిన్న ఇదే టైమ్‌కి ఎంతుందో చూడండి. అదే చోట, అదే నాలుగింటికి, నిన్నటికన్నా 4 తక్కువుంటే మాత్రం రెయిన్‌కోట్ బ్యాగులోంచి పైకి తీసి పెట్టుకోండి.