టన్నుకు పదహారు కిలోలు

సుల్తానాబాద్‌లో ఓ బియ్యం మిల్లు, కాకినాడలో ఓ ఎగుమతిదారు ఉన్నారనుకుందాం. ఇద్దరి మధ్యా బేరం కుదిరింది. మిల్లు నుంచి కొటేషన్ వచ్చింది. పరిమాణం 500 ఎల్‌టీ, టన్ను ధర 35,000 రూపాయలు, యాభై కిలోల సంచులు. ఎగుమతిదారు కళ్లు ధర మీద పడాలి కదా? పడలేదు. ‘ఎల్‌టీ’ దగ్గరే ఆగిపోయాయి.

ఎల్‌టీ అంటే లాంగ్ టన్. మనకు తెలిసిన టన్ను వెయ్యి కిలోలు, అంటే పది క్వింటాళ్లు. అది మెట్రిక్ టన్ను. లాంగ్ టన్ మాత్రం బ్రిటిష్ వాళ్ల లెక్క. వాళ్ల హండ్రెడ్‌వెయిట్‌లు ఇరవై కలిస్తే ఒక టన్ను. పేరులో నూరున్నా ఆ హండ్రెడ్‌వెయిట్‌కు నూట పన్నెండు పౌన్లు! మొత్తం 2,240 పౌన్లు, అంటే 1,016 కిలోల పైచిలుకు. నిజాం కాలంలో బెల్లంపల్లి బొగ్గును లెక్కగట్టింది ఈ టన్నుల్లోనే. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక దేశం మెల్లగా కిలోలకు మారింది. ఇప్పుడున్న లీగల్ మెట్రాలజీ చట్టం 2009 నాటిది. దాని ప్రకారం ఇక్కడి అమ్మకాలు మెట్రిక్ కొలతల్లోనే జరగాలి. ఎగుమతి సరుకుకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ సందులోంచే పాత టన్ను అప్పుడప్పుడూ కాగితాల్లోకి దూరుతుంది. ఎవరో పాత ఫారాన్ని నకలు చేసి, అంకెలు మార్చి, అక్షరాలు అలాగే వదిలేస్తే చాలు.

టన్నుకు పదహారు కిలోలే కదా అనిపిస్తుంది. అయిదొందల టన్నుల మీద అది 8,023 కిలోలు. కిలో 35 రూపాయల చొప్పున 2,80,805 రూపాయలు. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు పంపిన తొలి ఓడలో 12,500 టన్నుల బియ్యం వెళ్లాయి. అంత సరుకు మీద ఇదే పొరపాటు జరిగితే తేడా రెండు వందల టన్నులు.

అందుకే ఎగుమతిదారు ఆ రోజే మిల్లుకు ఉత్తరం రాస్తాడు. తిట్టేదేమీ ఉండదు, అడిగేదే ఉంటుంది.

“అయ్యా, మీ కొటేషన్‌లో పరిమాణం లాంగ్ టన్నుల్లో ఉంది. మా కొనుగోలుదారు ఆర్డరు, బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ రెండూ మెట్రిక్ టన్నుల్లో ఉన్నాయి. మాకు కావలసింది 500 మెట్రిక్ టన్నులు, అంటే 5,00,000 కిలోల నికర బరువు, యాభై కిలోల సంచులు 10,000. మీరు చెప్పిన ధర కూడా వెయ్యి కిలోలకేనని ధ్రువపరచండి. సవరించిన కొటేషన్ పంపాక లోడింగ్ మొదలుపెట్టండి.”

ఇందులో కీలకం సంచుల లెక్క. ‘లాంగ్’ కొట్టేసి ‘మెట్రిక్’ రాయమంటే సరిపోదు. మిల్లు లెక్కలో 10,000 సంచులే ఉంటే తప్పు అక్షరాల్లోనే ఉన్నట్టు, మాట మారిస్తే చాలు. అదే 10,160 సంచులు లెక్కగట్టి ఉంటే మిల్లు నిజంగానే లాంగ్ టన్నులు అనుకుంది. అప్పుడు అంకె కూడా మారాలి, ధర కూడా మళ్లీ మాట్లాడుకోవాలి. లాంగ్ టన్ను 35,000 అయితే, వెయ్యి కిలోలకు పడేది దాదాపు 34,447 రూపాయలే మరి! ఈ ఒక్క మాట అడగకుండా వదిలేస్తే గొడవ బిల్లు చేతికొచ్చిన రోజున మొదలవుతుంది.

బ్యాంకు దగ్గర ఇంకో చిక్కుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లకు ప్రపంచమంతా పాటించే యూసీపీ 600 నిబంధనల్లో బరువు అయిదు శాతం అటూ ఇటూ అయినా ఒప్పుకునే వెసులుబాటు ఉంది. లాంగ్ టన్ను తేడా ఒకటిన్నర శాతం పైచిలుకే. కానీ పరిమాణాన్ని ఇన్ని సంచులని రాస్తే ఆ వెసులుబాటు వర్తించదు. సంచుల మాట లేకపోయినా, రాసిన సొమ్ముకు మించి బ్యాంకు ఇవ్వదు. అంటే ఎక్కువ పంపిన బియ్యానికి డబ్బు రాదు.

సరుకు కాకినాడ చేరాక తేడా కనబడితే కారణం పట్టుకోవడం కష్టం కాదు. తేమ ఆరితే ఒక లారీలో ఎక్కువ, ఒక లారీలో తక్కువ తగ్గుతుంది. సంచి చిరిగితే ఆ ఒక్క లోడే తగ్గుతుంది. అన్ని లెక్కల్లోనూ టన్నుకు సరిగ్గా పదహారు కిలోలే తేడా వస్తోందంటే తప్పు కాంటాలో కాదు, కాగితంలో ఉంది. అదే టన్నుకు తొంభై మూడు కిలోలు తగ్గితే, ఎవరో 907 కిలోల అమెరికా టన్నును పట్టుకొచ్చారన్నమాట.

సవరణ కాగితం వచ్చాక మిల్లు ముందు లారీలు నిలబడతాయి. లారీకి 500 సంచులు వేసుకుంటే ఇరవై లారీలు సరిపోతాయి. వే బ్రిడ్జి చీటీలు కిలోల్లోనే వస్తాయి. ఎగుమతిదారు గుమస్తా వాటిని ఒక్కొక్కటే కూడి 5,00,000 దగ్గర గీత గీస్తాడు. ఆ ఉత్తరమే రాయకపోతే, నూట అరవై సంచులతో ఇరవై ఒకటో లారీ కూడా కాకినాడ దారి పట్టి ఉండేది.