ఒక స్టారు ఇటు, ఒక స్టారు అటు

ఏమండోయ్, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి వచ్చిన మెసేజీ చదివారా? చదవలేదు కదూ! అబద్ధం చెప్పకండి. "Read more" దాకా చూసి, దాన్ని నొక్కకుండా, రెండు చేతులూ జోడించిన బొమ్మొకటి పెట్టి పడుకున్నారు. నాకు తెలుసు, నేనూ అదే చేశాను. పొద్దున్నే కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

తప్పు మనదా, రాసినాయనదా? నా ఓటు ఆయనకే. మనిషి మంచివాడే, పాపం. కానీ ఆయన మెసేజీ ఎలా మొదలైందో గుర్తుందా? "అందరికీ నమస్కారం. మన అపార్ట్‌మెంట్ వాసులందరికీ తెలియజేయునది ఏమనగా..." ఆ "ఏమనగా" దగ్గరికొచ్చేసరికి ఫోన్లో రెండు వరుసలు అయిపోయాయి. నోటిఫికేషన్‌లో కనపడేదీ ఆ రెండు వరుసలే. అంటే తెలియజేయునది ఉందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించే రోజుల్లో ఆ ఎత్తుగడ చెల్లింది. లిఫ్టు వచ్చేదాకా నిలబడాలి కాబట్టి పైనుంచి కిందదాకా చదివేవాళ్ళం. ఫోన్లో ఎవరు ఆగుతారండీ? బొటనవేలు ఆగదు.

సరే, ఆ మెసేజీనే తీసుకుని బాగుచేద్దాం రండి. విషయం ఇదీ: ఆదివారం ట్యాంకూ సంపూ కడిగిస్తున్నారు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1 దాకా నీళ్ళు రావు. శనివారం రాత్రే పట్టుకోవాలి. గీజర్ వేయకూడదు. తర్వాత మొదట వచ్చే నీళ్ళు వదిలేయాలి. ఇంతే! ఇదంతా ఆయన ఒక్క వాక్యంలో "కావున", "కలదు", "ఉంచుకోగలరు" అంటూ గొలుసు కట్టేశారు. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు, మనల్నీ తీసుకోనివ్వలేదు.

ఇప్పుడు నేను టైపు చేసేది చూడండి. స్టార్లూ అడ్డగీతలూ ఎక్కడున్నాయో గమనించండి:

```
*ఆదివారం (14వ తేదీ) ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1 వరకు నీళ్ళు రావు.*
ట్యాంకు, సంపు కడిగిస్తున్నాం.

మీరు చేయాల్సినవి:
- *శనివారం రాత్రి 9 లోపు* నీళ్ళు పట్టుకోండి
- ఆదివారం పొద్దున్న గీజర్ వేయకండి
- ఒంటిగంట తర్వాత మొదట వచ్చే నీళ్ళు వంటకి, తాగడానికి వాడకండి

ఏదైనా అడగాలంటే: సెక్రటరీ, ఫ్లాట్ 302
```

నమస్కారం ఏదంటారా? చివర్లో పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి వరుస మాత్రం నీళ్ళకి వదిలేయండి. మెసేజీ తెరవనివాడికి కూడా నోటిఫికేషన్‌లోనే సగం పని అయిపోతుంది.

ఇక బోల్డు సంగతి. వాట్సాప్‌లో ఇది 2016 నుంచీ ఉంది. మాటకి ముందొక స్టారు, వెనకొక స్టారు పెడితే అక్షరం లావెక్కుతుంది. ఇటాలిక్‌కి రెండు వైపులా అండర్‌స్కోరు, కొట్టివేతకి అటూ ఇటూ ~ గుర్తు. గుర్తుపెట్టుకోవడం బద్ధకమా? మాట మీద వేలు నొక్కి పట్టుకోండి. వచ్చే మెనూలో మీ ఫోన్ని బట్టి మూడు చుక్కల వెనకాలో, ఫార్మాట్ అన్న చోటో బోల్డు దాక్కుని ఉంటుంది.

అంత తేలికైతే మరి గ్రూపుల్లో ఆ స్టార్లు పచ్చిగా ఎందుకు వేలాడుతుంటాయి? చాలాసార్లు ఒక్క ఖాళీ చేసే పని అది. స్టారుకీ మాటకీ మధ్య స్పేస్ ఉండకూడదు. "* ఆదివారం *" అని విశాలంగా కొట్టారనుకోండి, బోల్డు రాదు. అంతకంటే తమాషా ఏమిటంటే, అది వరుస మొదట్లో ఉంటే వాట్సాప్ దాన్ని జాబితా అనుకుంటుంది! స్టారు తర్వాత స్పేస్ వస్తే బుల్లెట్టుకి గుర్తు కదా. ముందొక నల్లచుక్క వచ్చి కూర్చుంటుంది, చివర్లో ఒక స్టారు అనాథలా మిగిలిపోతుంది. ఈసారి ఎక్కడైనా అలాంటిది కనిపిస్తే కారణం మీకు తెలిసిపోయింది. పక్కవాళ్ళకి చెప్పి కాస్త గొప్పలు పోండి.

ఇంకో చోట కూడా జారుతుంది. స్టారు పెట్టి, మూడు వరుసలు రాసి, చివర్లో మళ్ళీ స్టారు పెట్టి మొత్తం బోల్డు అవుతుందని ఎదురుచూస్తారు కొందరు. కాదండీ. మధ్యలో ఎంటర్ కొడితే బోల్డు అక్కడితో తెగిపోతుంది. ఏ వరుస స్టార్లు ఆ వరుసకి విడిగా పెట్టుకోవాల్సిందే.

మన భాషకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకి మాటకి తోకలెక్కువ. ఆదివారం, ఆదివారానికి, ఆదివారంనాడు... స్టారు మధ్యలో మూసేసి తోకని బయట వదిలితే, అంటే "*ఆదివారం*నాడు" అని కొడితే, స్టారు వెంటనే అక్షరం తగులుతుంది. స్టారు పక్కన స్పేసో, కామానో, చుక్కో ఉంటేనే ఈ యంత్రాంగం నమ్మకంగా పనిచేస్తుంది. కాబట్టి తోకని కూడా లోపలికి లాక్కోండి. మాట మొత్తం లావైతే నష్టమేమీ లేదు.

మరి ఎన్ని మాటలు లావు చేయాలి? ఇక్కడ నాకో మొండిపట్టు ఉంది. ఒక మెసేజీలో రెండు చోట్ల, మహా అయితే మూడు. ఏవి? మీకు ఫోన్ చేసి ఎవరైనా అడిగే ప్రశ్నకి జవాబేదో అది. "ఎప్పుడండీ?" "ఎప్పటిలోపు పట్టుకోవాలి?" పై మెసేజీలో బోల్డు ఈ రెంటికే ఉంది, చూశారా? "గీజర్" లావు చేయాలని చెయ్యి లాగింది, ఆపుకున్నాను. అన్నీ లావైతే ఏదీ లావు కాదు కదా, దానికి తోడు తెలుగు అక్షరాలకి లావు అంతగా పడదు. గుండ్రాలు, సుడులు, కింద వత్తులు, పైన గుడులు. గీత మందమయ్యేకొద్దీ ఆ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. చిన్న అక్షరాల్లో మూడు వరుసలు వరసగా బోల్డు చేసి చూడండి, "క్ష్మ" లాంటిదొకటి తగిలితే సిరా మరకే.

ఇటాలిక్ అయితే ఇంకా దండగ. మీరు కోప్పడినా సరే, అదే అంటాను. ఇంగ్లీషు అక్షరాలకి ఇటాలిక్ అని విడిగా గీసిన రూపం ఉంటుంది. మన ఫోన్లలో తెలుగుకి సాధారణంగా అలాంటిది ఉండదు. ఉన్న అక్షరాన్నే పక్కకి నెట్టి వంచుతారు. వంగిన అక్షరంలో వత్తు తన అక్షరం కింద కాకుండా పక్కదాని కిందున్నట్టు కనిపిస్తుంది. మన నాన్నగారి వయసువాళ్ళు దాన్ని చదవడానికి ఫోనూ మెడా రెండూ వంచుతారు. ఒక్క చోటుకి మాత్రం ఒప్పుకుంటాను: చివర్లో చిన్న గమనిక, చదవకపోయినా పరవాలేనిది. చదవకపోయినా పరవాలేనిది అసలు రాయడం ఎందుకంటారా? అదీ న్యాయమే.

బుల్లెట్ల దగ్గరికి వద్దాం. నాకు వీటి మీద మోజు ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. 2024 ఫిబ్రవరిలో వాట్సాప్ వీటిని తెచ్చింది. అడ్డగీత కొట్టి, స్పేస్ ఇచ్చి, రాయండి. ఎంటర్ కొడితే తర్వాతి బుల్లెట్టు తనే వస్తుంది. అంతకుముందు మనవాళ్ళు ఏం చేసేవారు? వేలు చూపించే బొమ్మలు. ప్రతి వరుసకీ ఓ పసుపు వేలు! ఇప్పటికీ చేస్తున్నారనుకోండి. ఆ వేళ్ళతో తంటా ఏమిటంటే, పెద్ద వాక్యమైతే రెండో వరుస ఎడమ అంచుకి వెళ్ళి వేలి కింద దూరుతుంది, ఎక్కడ ఒకటి అయి ఎక్కడ ఇంకొకటి మొదలైందో తెలియదు. అసలు బుల్లెట్టయితే రెండో వరుస కూడా లోపలికి జరిగి అక్షరాల కిందే సర్దుకుంటుంది.

అంకెలు ఎప్పుడు వాడాలి? వరస ముఖ్యమైతేనో, ఎవరైనా "మూడోది అర్థం కాలేదండీ" అని అడిగే అవకాశం ఉంటేనో. అంకె, చుక్క, స్పేస్, అంతే. ట్యాంకు కడగడానికి అంకెలక్కర్లేదు. మూడు పనులూ ఎవరి వీలును బట్టి వాళ్ళు చేసుకుంటారు.

అన్నిటికంటే చవకైనది చివరికి మిగిల్చాను: ఖాళీ వరుస. ఎంటర్ రెండుసార్లు. నన్నడిగితే బోల్డంతా తీసేసినా, ఈ ఒక్కటి ఉంటే మెసేజీ బతుకుతుంది. మన వరుసలు మామూలుగానే ఇరుకు. పై వరుస వత్తులు కిందకి వేలాడతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. పైగా మన మాటలు పొడుగు. అక్షరాలు పెద్దవి చేసుకున్న ఫోన్లో వరుసకి మూడు మాటలు పడితే గొప్ప. మీకు నాలుగు వరుసలైన పేరా, పై అంతస్తు మామ్మగారికి తొమ్మిది. పంపేముందు మీ ఫోన్లో అక్షరం సైజు పెంచి ఓసారి చూసుకోండి, గోడలా కనిపించిన చోటల్లా ఎంటర్ కొట్టండి. ఒకే సంగతికి సంబంధించిన వరుసల మధ్య ఒక ఎంటర్, సంగతి మారితే రెండు.

స్పేసులు కొట్టి కొట్టి పట్టికలా సర్దేవాళ్ళున్నారే, వాళ్ళకో దండం. ఫ్లాటు నంబరు ఇక్కడ, బాకీ అక్కడ, నిటారుగా గీత గీసినట్టు! వాళ్ళ ఫోన్లోనే అది నిటారు. తెలుగు అక్షరాలన్నీ ఒకే వెడల్పు కావు, ఇంకో ఫోన్లో 302వారి బాకీ 303వారి నెత్తిన పడుతుంది. ఆపైన జరిగే యుద్ధానికి సెక్రటరీగారే బాధ్యులు. పట్టిక కావాలంటే ఫోటో పెట్టండి, లేదా ఒక్కో ఫ్లాటుకీ ఒక్కో బుల్లెట్టు ఇవ్వండి.

ఎంటర్ కొడితే మెసేజీ వెళ్ళిపోతోందా? కంప్యూటర్లో అంతే, Shift పట్టుకుని Enter కొట్టాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే సెట్టింగ్స్‌లో చాట్స్‌లోకి వెళ్ళి "Enter is send" అన్నది ఆపేయండి. ఇంకా భయంగా ఉంటే ముందు మీకు మీరే పంపుకోండి, వాట్సాప్‌లో మన నంబరుకి మనం పంపుకోవచ్చు. స్టార్లు అక్కడే లెక్క తేలిపోతాయి. అదే మెసేజీని కాపీ చేసి ఎస్సెమ్మెస్‌లో పంపితే మాత్రం స్టార్లు స్టార్లుగానే వెళ్తాయి. కీప్యాడ్ ఫోను తాతగారికి వాటిని తీసేసి పంపండి.

పంపాక సమయం మారిందా? పదిహేను నిమిషాల్లోపు అయితే అదే మెసేజీని ఎడిట్ చేయొచ్చు. అప్పటికే చదివేసినవాళ్ళు మళ్ళీ చూడరు కాబట్టి నేనైతే కొత్తది పెడతాను. పాత సమయాన్ని కొట్టేసి, పక్కనే కొత్తది లావుగా:

```
*ట్యాంకు పని ఆలస్యం:* ~ఉదయం 6~ *ఉదయం 8* నుంచి నీళ్ళు రావు
```

ఇంత చేసినా అయిదు నిమిషాల్లో ఒకరు అడుగుతారు: "ఇంతకీ నీళ్ళు ఎప్పుడు ఆపుతారండీ?" ఆయన మన గ్రూపులో ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకి మాత్రం ఫోన్ చేసి చెప్పేయండి.