ఆ మిగతా మూడు ఆప్షన్లు ఎక్కడ నుంచి వస్తాయి?



మన గ్రూపులో రైల్వే పరీక్షలకు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ పోస్ట్ రాస్తున్నాం. కాలం–వేగం–దూరం, కాలం–పని లెక్కల గురించి. కొంచెం పెద్దగానే ఉంటుంది, పక్కన పెన్ను, కాగితం పెట్టుకొని చదవండి.

మా హాస్టల్ రూములో ఆరుగురం ఉంటాం, అందరం డిగ్రీ. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కోచింగ్‌కు కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. సీనియర్ అన్నలు వదిలి వెళ్లిన పాత బుక్కులు, పాత ప్రశ్నపత్రాలు, గోడకు తగిలించిన ఒక బోర్డు, ఇంతే మా కోచింగ్. రాత్రి భోజనాలు అయ్యాక రోజుకు నాలుగైదు లెక్కలు చేస్తాం. అయితే జవాబు వచ్చిందని అక్కడితో వదిలేయం. తప్పు ఆప్షన్లు మూడింటినీ బోర్డు మీద రాసి, "ఈ నంబరు ఎక్కడ నుంచి వచ్చింది?" అని ఒక్కోదాన్ని అడుగుతాం. ఈ చాప్టర్లో మాకు ఎక్కువ నేర్పింది ఆ ప్రశ్నే.

ఎందుకంటే ఈ లెక్కల్లో తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టినవి కావు. తొందరలో పిల్లలు ఎక్కడెక్కడ జారుతారో పేపర్ తయారు చేసేవాళ్లకు తెలుసు. ఆ జారిన చోట వచ్చే నంబర్లనే ఎక్కువగా ఆప్షన్లుగా పెడతారు. కాబట్టి "నాకు వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంది, అంటే కరెక్టే" అనుకోవడానికి లేదు. రైల్వే పరీక్షల్లో ఒక తప్పుకు మూడో వంతు మార్కు కోస్తారు. మూడు తప్పులు పడితే, వేరే చోట కష్టపడి తెచ్చుకున్న ఒక మార్కు పోయినట్టే. లిస్టులో పేరు ఉండడానికీ లేకపోవడానికీ ఒక్కోసారి తేడా అంతే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 150 మీటర్ల పొడవున్న రైలు, 250 మీటర్ల ప్లాట్‌ఫాంను 20 సెకన్లలో దాటింది. రైలు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? ఆప్షన్లు: (ఎ) 20 (బి) 27 (సి) 45 (డి) 72.

రాయాల్సింది ఒక్కటే సంబంధం: వేగం × సమయం = దూరం. ఇందులో సమయం ఇచ్చేశారు, 20 సెకన్లు. ఇక తేల్చుకోవాల్సింది దూరం. అరకు వైపు రైలు ఎక్కిన వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సొరంగం వచ్చినప్పుడు ఇంజను అవతలకి పోయి ఎండలో ఉంటుంది, చివరి పెట్టెలో కూర్చున్న మనం ఇంకా చీకట్లోనే ఉంటాం. మన పెట్టె కూడా బయటికి వస్తేనే రైలు సొరంగం దాటినట్టు. అంటే రైలు సొరంగం పొడవుతో పాటు తన పొడవు కూడా నడవాలి. ప్లాట్‌ఫాంకైనా అంతే. దూరం 150 + 250 = 400 మీటర్లు. వేగం 400 ÷ 20 = 20.

ఇక్కడ 20 రాగానే చెయ్యి (ఎ) మీదకి పోతుంది. ఆగి, ఇరవై ఏమిటి అని అడగాలి. మీటర్లను సెకన్లతో భాగించాం కాబట్టి అది సెకనుకు 20 మీటర్లు. ప్రశ్న అడిగింది గంటకు కిలోమీటర్లు. గంటకు 3600 సెకన్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు. 3600ను 1000తో భాగిస్తే 3.6, అదే పుస్తకాల్లో కనిపించే 18/5. 20 × 3.6 = 72. జవాబు (డి).

ఇప్పుడు మిగతా మూడు. 20 అంటే యూనిట్ మార్చనిది. 45 అంటే రైలు పొడవు కలపనిది: 250 ÷ 20 = 12.5, దాన్ని 3.6తో గుణిస్తే 45. 27 అంటే ప్లాట్‌ఫాంను వదిలేసింది: 150 ÷ 20 = 7.5, గుణిస్తే 27. చూశారా, ఏదీ గాలిలోంచి రాలేదు. చివరి రెండింటిలో యూనిట్ మార్చడం కూడా సరిగ్గానే ఉంది, దూరం ఒక్కటే తప్పు. అందుకే ఫార్ములా వచ్చు, యూనిట్ వచ్చు అన్నవాళ్లు కూడా వాటిలో పడతారు.

18/5తో గుణించాలా, 5/18తోనా అని చాలామందికి తికమక. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. మనిషి మామూలుగా నడిస్తే గంటకు 5 కిలోమీటర్లు పోతాడు, అదే సెకనుకు దాదాపు మీటరున్నర. ఒకే వేగాన్ని రెండు రకాలుగా రాస్తే, గంటకు కిలోమీటర్లలో రాసిన నంబరే పెద్దది. మార్చాక నంబరు ఆ పద్ధతికి తగ్గట్టు పెరిగిందా, తగ్గిందా చూసుకుంటే చాలు.

రెండో రకం సగటు వేగం. బస్సు ఘాట్ ఎక్కేటప్పుడు గంటకు 30 కిలోమీటర్లతో పోయింది, అదే దారిలో దిగేటప్పుడు 45తో వచ్చింది. మొత్తం మీద సగటు వేగం ఎంత? ఆప్షన్లు 35, 36, 37.5, 38. నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఉజ్జాయింపుగా పెట్టి తప్పించుకునే వీలు లేదు.

30, 45 కలిపి సగం చేస్తే 37.5 వస్తుంది. అది తప్పు. ఇక్కడ కూడా అదే సంబంధం: మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించాలి. దూరం ఇవ్వలేదని భయపడొద్దు, 30కీ 45కీ సరిపోయే 90 కిలోమీటర్లు అనుకుందాం. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 2 గంటలు. మొత్తం 180 కిలోమీటర్లు, 5 గంటలు. 180 ÷ 5 = 36. దారి 90 కాకుండా 45 అనుకున్నా 36 మాత్రమే వస్తుంది, కావాలంటే చేసి చూడండి.

37.5 ఎందుకు కాదు? బస్సు నెమ్మదిగా నడిచిన సమయం ఎక్కువ, 3 గంటలు. వేగంగా నడిచింది 2 గంటలే. కాబట్టి సగటు నెమ్మది వైపు ఒరుగుతుంది. దూరాలు సమానమై, వేగాలు వేరైతే జవాబు ఎప్పుడూ మామూలు సగటు కంటే తక్కువే ఉంటుంది. అదే ప్రశ్నలో "ఒక గంట 30తో, ఒక గంట 45తో" అని ఉంటే మాత్రం 37.5 కరెక్టు. అక్కడ సమానంగా ఉన్నది సమయం. ప్రశ్నలో సమానంగా ఇచ్చింది దూరమా, సమయమా అన్న దాని కింద గీత పెట్టుకుంటే ఈ రకం లెక్క దాదాపు అయిపోయినట్టే.

పని లెక్కలు వేరే చాప్టర్ అని పుస్తకంలో ఉంటుంది కానీ మా బోర్డు మీద రెండింటికీ ఒకే లైను: రేటు × సమయం = మొత్తం. బస్సుకు రేటు గంటకు కిలోమీటర్లు, పనికి రేటు గంటకు ఎంత పని అన్నది.

హాస్టల్ ట్యాంకు అనుకోండి. ఒక మోటారు ఒక్కటే వేస్తే 3 గంటల్లో నిండుతుంది, ఇంకోటి వేస్తే 2 గంటల్లో. రెండూ ఒకేసారి వేస్తే ఎంతసేపు? ఆప్షన్లు: (ఎ) 1 గంట 12 నిమిషాలు (బి) 1 గంట 15 నిమిషాలు (సి) 1 గంట 20 నిమిషాలు (డి) 2 గంటల 30 నిమిషాలు.

మా రూములో ఇంటర్ తమ్ముడు ఒకడు కూడా కూర్చుంటాడు. వాడు అడిగాడు: "అన్నా, మూడూ రెండూ ఎందుకు కలపకూడదు?" దానికి సమాధానం యూనిట్‌లోనే ఉంది. 3 గంటలు, 2 గంటలు కలిపితే 5 గంటలు. మోటార్లు రెండు పెడితే ఒక్కదానికంటే ఆలస్యమవుతుందా? కలపాల్సింది సమయాలను కాదు, రేట్లను. ట్యాంకును 6 భాగాలు అనుకుందాం. మొదటి మోటారు గంటకు 2 భాగాలు, రెండోది గంటకు 3 భాగాలు. రెండూ కలిసి గంటకు 5. సమయం 6 ÷ 5 = 1.2 గంటలు.

మళ్లీ ఇక్కడ ఆగాలి. 1.2 గంటలంటే గంటా ఇరవై నిమిషాలు కాదు. గంటకు అరవై నిమిషాలు కాబట్టి 0.2 గంట అంటే 60 × 0.2 = 12 నిమిషాలు. జవాబు (ఎ). (సి)లో ఉన్న 20, పాయింటు తర్వాతి 2ను చూసి చదివేసిన వాళ్ల కోసం. (డి) రెండు సమయాల సగటు. (బి) ఆ సగటులో సగం. 37.5 తెచ్చిన పొరపాటే ఇక్కడ వేరే చొక్కా వేసుకొని వచ్చింది.

12కీ 15కీ మధ్య అనుమానం వస్తే ట్యాంకునే అడగండి. గంటా పన్నెండు నిమిషాలంటే 72 నిమిషాలు. మొదటి మోటారుకు 180 నిమిషాలు కావాలి, అందులో 72 అంటే ట్యాంకులో 40 శాతం. రెండోదానికి 120 కావాలి, 72 అంటే 60 శాతం. రెండూ కలిపితే సరిగ్గా నిండింది. 75 నిమిషాలు పెట్టి చూస్తే 100 శాతం దాటుతుంది, అంటే ట్యాంకు పొంగిపోతుంది. ఇలా సరిచూడడానికి అర నిమిషం పట్టదు.

మనుషులు, రోజులు, గంటలు మూడూ కలిపి ఇచ్చినా భయం లేదు. 6 మంది రోజుకు 6 గంటల చొప్పున 10 రోజుల్లో ఒక కందకం తవ్వారు. 9 మంది రోజుకు 5 గంటలు పనిచేస్తే ఎన్ని రోజులు? ముందు పని ఎంతో ఒకే యూనిట్‌లో రాయాలి: 6 × 6 × 10 = 360 మనిషి-గంటలు. కొత్త జట్టు రోజుకు 45 మనిషి-గంటలు చేస్తుంది. 360 ÷ 45 = 8 రోజులు. గంటలు వదిలేసి మనుషులు, రోజులే చూస్తే 60 ÷ 9, అంటే 6⅔ రోజులు వస్తుంది. అది కూడా ఆప్షన్లలో మీ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. రేటు మధ్యలో మారితే ఒక్క లైనుతో పని అవదు. గంట తర్వాత ఒక మోటారు ఆపేశారు, బస్సు దారిలో పావుగంట ఆగింది, ఇలాంటివి వస్తే ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు అదే సంబంధం రాసి కలపాలి. సంబంధం మారదు, లైన్లు పెరుగుతాయి అంతే.

చివరగా మీకో లెక్క. 120 మీటర్లు, 180 మీటర్ల పొడవున్న రెండు రైళ్లు గంటకు 54, 36 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తున్నాయి. కలుసుకున్న క్షణం నుంచి ఒకదాన్నొకటి పూర్తిగా దాటడానికి ఎన్ని సెకన్లు? (ఎ) 4.8 (బి) 7.2 (సి) 12 (డి) 60. జవాబు ఒక్కటే పెడితే చాలదు. మిగతా మూడు నంబర్లు ఏ పొరపాటు వల్ల వచ్చాయో అది కూడా రాయాలి.