కంఠస్థమా, పఠనమా, ప్రతీకమా?

పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురని ఒక లెక్క ఉన్నది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, కంఠబలం లేనివాడు. వీరితో పాటు వ్రాసినది చూచి చదివేవాడు కూడా ఆ వరుసలోనే చేరినాడు. ఈ మాట వేదపఠనాన్ని గూర్చినది. దీనిని సభాప్రసంగానికి కూడా అన్వయించుకొని, చేతిలో కాగితం కనబడితే విద్యకు లోటని సంకోచించే వేదపండితులు ఉన్నారు. ఆ సంకోచం అనవసరం. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేయించే సిద్ధాంతిగారు ఆదాయ వ్యయాలను, రాజపూజ్య అవమానాలను చూచియే చదువుతారు. పురాణ ప్రవచనం చేసేవారు వ్యాసపీఠం మీద గ్రంథం ఉంచుకొని, ఒక శ్లోకం చదివి, తల ఎత్తి, తమ మాటలలో వివరిస్తారు. అర్చనలో భక్తుల గోత్రనామాలు చీటీ చూడకుండా చెప్పబోయి ఒకరి గోత్రం మరొకరికి అంటగట్టడంకంటె, చీటీ చూడడమే మర్యాద.

కనుక కంఠస్థం, పఠనం, ప్రతీకం అనే మూడు మార్గాలూ మనవే. ఏది ఎక్కడ తగును, దానికి తగినట్లు వ్రాతప్రతి ఎట్లా మారాలి అన్నదే విచారణీయం. గోదావరీ తీరంలోని ఒక గ్రామంలో జరిగిన ఒక సంస్మరణ సభ ఇందుకు మంచి ఉదాహరణ.

కృష్ణయజుర్వేదంలో క్రమాంతం చదివిన ఒక యువపండితుడు తన గురువుగారి సాంవత్సరికం సందర్భంగా పదిహేను నిమిషాలు మాట్లాడవలసి వచ్చినది. గురువుగారు ఇంటి వసారాలోనే పాఠశాల నడిపినారు. ఆయన పోయేనాటికి ఏడుగురు విద్యార్థులు మిగిలి ఉన్నారు. వారిని వేరొక ఊరికి పంపించాలా, అక్కడనే కొనసాగించాలా అన్నది గురుపత్ని నిర్ణయించుకోలేకపోతున్నారు. ఆ సభలో శిష్యుడు ఏమి చెబుతాడో దానిని బట్టి దాతలూ, ఆమె కూడా ఒక నిశ్చయానికి రావలసి ఉన్నది. ప్రసంగం శ్రద్ధాంజలి మాత్రమే కాదు, ఒక వాగ్దానం కూడా.

అతడు తొమ్మిది పుటలు వ్రాసి, ఎనిమిది రోజులలో కంఠస్థం చేసినాడు. సంథ చెప్పుకొన్న కంఠానికి అది కష్టం కాదు. కష్టం వేరొక చోట వచ్చినది. అతని మేనమామ నలభై ఏళ్ళుగా పురాణం చెప్పేవారు. ఆయన ఎదుట కూర్చొని వింటూ, మూడవ పుట మధ్యలో కావలెననే అడ్డుపడి, "మంచినీళ్ళు అందుకో నాయనా" అన్నారు. అతడు నీళ్ళు ఇచ్చి వచ్చి, తెగిన వాక్యం దొరకక, ఆ భాగం మొదటికి పోయి మళ్ళీ ఎత్తుకొన్నాడు.

"నీవు మాట్లాడడం లేదురా, అనువాకం ఒప్పజెబుతున్నావు. చూపు చూరు మీద ఉన్నది. దుఃఖం చెప్పేటప్పుడూ, పేర్లు చెప్పేటప్పుడూ ఒకటే వేగం" అన్నారు మేనమామ.

"వ్రాసిన మాట పోకూడదు కదా, మామయ్యా?"

"వేదంలో పోకూడదు. ఇది నీ మాట. నీ మాట నీకు పోతుందా?"

కంఠస్థ ప్రసంగం తెగితే ఎక్కడ తెగుతుందో వేదపాఠం చదివినవారికి తెలియనిది కాదు. ఒకటి, సంధిస్థానం. భాగంలోపల ఒక వాక్యం మరొక వాక్యాన్ని తెచ్చుకొంటుంది. భాగం ముగిసిన తరువాత తదుపరి భాగాన్ని తెచ్చేది ఏదీ లేదు. క్రమపాఠంలో ఒకటవ పదం రెండవదానితో, రెండవది మూడవదానితో జతపడినట్లు, ఒక భాగపు చివరి వాక్యాన్ని తరువాతి భాగపు మొదటి వాక్యంతో కలిపి, ఆ జంటలనే విడిగా వల్లె వేసుకోవాలి. రెండవది, పునరుక్తి. ఒకే పదసముదాయం రెండు అనువాకాలలో వస్తే మనస్సు ఒకదానినుండి రెండవదానిలోనికి జారిపోవడం అధ్యయనపరులందరి అనుభవమే. అతని ప్రతిలో "గురువుగారు ఏనాడూ అలసట ఎరుగరు" అనే వాక్యం రెండవ పుటలోనూ, ఏడవ పుటలోనూ ఉన్నది. ఒకనాటి అభ్యాసంలో రెండవ పుటనుండి నేరుగా ఏడవ పుటకు దూకి, నడుమ ఉన్న నాలుగు పుటలను వదలివేసినాడు. కంఠస్థం చేయదలచిన ప్రతిలో ఏ వాక్యమూ రెండుసార్లు ఒకే రూపంలో ఉండకూడదు.

అయితే మొత్తం చదివివేద్దామని అతడు కాగితాలు పట్టుకొన్నాడు. అప్పుడు భాష అడ్డువచ్చినది. అతడు వ్రాసిన ఒక వాక్యం ఇది: బాల్యమునందే పితృవియోగమును పొంది, మేనత్తగారి ఇంట పెరిగి, పన్నెండవ ఏట గురుకులంలో ప్రవేశించి, పదునాలుగు సంవత్సరాలు అవిచ్ఛిన్నంగా అధ్యయనం సాగించిన మా గురువర్యులు స్వగ్రామానికి మరలివచ్చి పాఠశాలను స్థాపించినారు. కంటికి ఇది నిర్దుష్టమైన వాక్యం. చెవికి మాత్రం భారం. తెనుగులో కర్త ముందే రావలసిన నియమం లేదు, క్రియ చివర వస్తుంది. ఎవరిని గూర్చి, ఏమి చేసినారు అన్నది తెలిసేవరకు శ్రోత విశేషణాలన్నింటినీ మోయవలసి ఉంటుంది. చదివేవాని ఊపిరి కూడా నడుమనే అయిపోతుంది.

పఠనానికి ఆ వాక్యం ఇట్లా మారినది: మా గురువుగారికి చిన్నతనంలోనే తండ్రి పోయినారు. మేనత్తగారు పెంచినారు. పన్నెండవ ఏట గురుకులంలో చేరినారు. పదునాలుగేళ్ళు చదివినారు. ఆ తరువాత మన ఊరికే వచ్చి ఈ పాఠశాల పెట్టినారు. ఇందులో పాండిత్యం తగ్గినట్లు కనబడుతుంది గాని, ప్రతి వాక్యం ఒక్క ఊపిరిలో ముగుస్తుంది. పైగా క్రియ చివర ఉండడం ఇప్పుడు లాభమైనది. వాక్యమంతా కంటితో తీసుకొని, తల ఎత్తి, ఆ చివరి మాటను ప్రజల ముఖం చూచి చెప్పవచ్చును. చూచి చదివినా మాట్లాడినట్లుండే రహస్యం చాలావరకు ఇంతే.

పఠనప్రతి రూపం కూడా వేరు. అక్షరం పెద్దదిగా ఉండాలి. కాగితానికి ఒకవైపే వ్రాయాలి, క్రింది మూడవ భాగం ఖాళీగా విడువాలి. లేకపోతే పుట చివరికి వచ్చేసరికి గడ్డం రొమ్మునకు ఆనుతుంది, కంఠం మూసుకొంటుంది. ఒక వాక్యం రెండు పుటల మీదకు సాగకూడదు. కాగితాలకు సంఖ్య వేయాలి గాని, కలిపి కుట్టకూడదు. చదివినదానిని చప్పుడు లేకుండా ప్రక్కకు జరపవచ్చును. సంవత్సరాలను అంకెలలో గాక పలికే విధంగా అక్షరాలలో వ్రాసుకోవాలి. దీర్ఘసమాసాలను పదపాఠంలో వలె విడదీసి, నడుమ సన్నని గీత పెట్టుకోవాలి. అచ్చులో అది అందంగా ఉండదు. ఈ ప్రతి అచ్చుకు కాదు.

ఇక మూడవ మార్గం. ప్రయోగ గ్రంథాలలో మంత్రం మొత్తం వ్రాయరు, మొదటి రెండు మూడు పదాలే ఇస్తారు. దానినే ప్రతీకం అంటారు. మంత్రం వచ్చినవానికి ప్రతీకం చాలును. రానివానికి ప్రతీకం శూన్యం. ముఖ్యపదాలు చూచుకొని మాట్లాడడంలోని బలమూ, అపాయమూ రెండూ ఇందులోనే ఉన్నవి. అతడు ఒక చీటీ మీద "గురువుగారి వ్యక్తిత్వం", "బోధనా విధానం", "నిరాడంబరత" అని వ్రాసుకొన్నాడు. అవి చూస్తే నోటికి వచ్చినది స్తుతివాక్యాలు మాత్రమే. ఏ గురువుకైనా చెల్లే మాటలు అవి. మేనమామ చీటీ చూచి, "ఇవి శీర్షికలు. వీటి వెనుక ఏమి కనబడుతున్నదో అది వ్రాయి" అన్నారు.

అప్పుడు చీటీ మారినది. "మోకాలి మీద ఆగిన వేలు" అని ఒకటి. విద్యార్థి స్వరం తప్పితే గురువుగారు తప్పు అనేవారు కాదు. లయగా మోకాలి మీద కదిలే వేలు ఆగిపోయేది, అంతే. "జ్వరంలో సంథ" అని రెండవది. "మామిడిపండ్ల బుట్ట" మూడవది. "గడప మీద దీపం" నాలుగవది. ఒక్కొక్కదానిని మూడుసార్లు మూడు విధాల చెప్పి గడియారం చూచుకొన్నాడు. వేలు కథ మూడుసార్లూ రెండు నిమిషాలకే ముగిసినది. బుట్ట కథ ఒకసారి రెండు, ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు నిమిషాలు పట్టినది. కథ తెలియకపోవడం దీనికి కారణం కాదు, ఎక్కడ ఆపాలో నిశ్చయించుకోకపోవడం కారణం. కాబట్టి చీటీలో ప్రతి ప్రతీకం క్రింద ఆ కథ చివరి వాక్యాన్ని మాత్రం పూర్తిగా వ్రాసుకొన్నాడు. ప్రతీకం ద్వారం తెరుస్తుంది. మూయడానికి మరొక వాక్యం కావాలి.

అసలు చిక్కు వాగ్దానం దగ్గర వచ్చినది. ఆ భాగాన్ని కూడా చీటీతోనే అభ్యసిస్తూ, ఆవేశంలో "పిల్లల భారమంతా నాది" అనివేసినాడు. అతని సంపాదనకు ఏడుగురి భోజనం మోయడం సాధ్యం కాదు. నిజానికి అతడు ఇవ్వగలిగినది వారానికి నాలుగు రోజుల పాఠం. గురుపత్ని ఆ మాటను నమ్మి పిల్లలను ఉంచుకొంటే, మూడు నెలలకు వారు ఎక్కడికి పోవాలి?

"ఆ మూడు వాక్యాలూ కాగితం మీద ఉండనీ. ఒక్క మాట ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు" అన్నారు మేనమామ.

తుది ప్రతి మూడు తీరుల కలయిక అయినది. మంగళశ్లోకమూ, మొదటి రెండు వాక్యాలూ కంఠస్థం. సభకు ఎదురుగా నిలిచిన మొదటి క్షణంలో కాగితం వెదకకుండా ఉండడానికి అది అవసరం. తరువాత ఎనిమిది నిమిషాలు నాలుగు ప్రతీకాలు. ఆ పైన జీవితవివరాలు, దాతల పేర్లు, వాగ్దానం పూర్తిగా పఠనం. చివరి వాక్యం మళ్ళీ కంఠస్థం. చీటీనుండి కాగితానికి మారేచోట దాపరికం లేకుండా, "ఈ పేర్లు తప్పకూడదు గనుక చూచి చదువుతాను" అని చెప్పే వాక్యం కూడా వ్రాసుకొన్నాడు. కాగితం దాచి దాచి చూచేవానిని సభ అనుమానిస్తుంది గాని, చెప్పి చూచేవానిని కాదు.

సభనాడు వేలు ఆగిన కథ దగ్గర అతని కంఠం గద్గదమైనది. కొంతసేపు మాట రాలేదు. మొత్తం కంఠస్థమే అయి ఉంటే అక్కడ వరుస తెగేది. అతడు నీళ్ళు త్రాగి, చీటీ చూచి, తరువాతి ప్రతీకం అందుకొన్నాడు. సమయం మించినందున నాలుగవదానిని వదలివేసినాడు. లోపం ఎవరికీ తెలియలేదు. వాగ్దానం మాత్రం అక్షరం తప్పకుండా చదివినాడు: వారానికి నాలుగు రోజులు, ఉదయం నాలుగు గంటలు, ఈ ఏడుగురి అధ్యయనం ముగిసేవరకు. భోజనాల సంగతి దాతలు ఆలోచించాలని స్పష్టంగా అడిగినాడు. గురుపత్ని ఆ కాగితాన్ని అడిగి తీసుకొన్నారు.

గడప మీద దీపం కథను ఆ రాత్రి వసారాలో, భోజనాలైన తరువాత, ఆ ఏడుగురికీ చెప్పినాడు. అప్పుడు గడియారం చూడలేదు.